"తేదీ ఒక్కటి మార్చిపెట్టన్నా" అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను దేవరకొండల జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతున్న. పదోతరగతి మెమోల పుట్టిన తేదీ మార్చుమనో, మార్కులు పెంచుమనో, జీతం స్లిప్‌ల అంకె మార్చుమనో ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తనే ఉన్నరు. అండ్ల చుట్టాలు గూడ ఉంటరు. "ఒరిజినల్ ముట్టకు, జిరాక్స్‌ల మారిస్తె చాలు" అంటరు. గట్టిగ వద్దంటే గిరాకి పోతదని భయం. రేపు కేసయితే అది నా మీదికి గూడ వస్తదా? వాళ్లకు ఏం చెప్పి పంపాలె? – ఒక డీటీపీ సెంటర్ యజమాని, దేవరకొండ

జవాబు: వస్తుంది. పైగా ముందు మీ మీదికే వస్తుంది, ఎందుకంటే ఆ కాగితాన్ని తయారు చేసింది మీరు.

2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. తప్పుడు పత్రం అంటే ఏమిటో అందులో 335వ సెక్షన్ చెబుతుంది. కాగితంతో పాటు ఎలక్ట్రానిక్ రికార్డు కూడా దాని కిందికి వస్తుంది. ఉన్న పత్రంలో ముఖ్యమైన భాగాన్ని, అధికారం లేకుండా, మోసపు ఉద్దేశంతో మార్చినా అది తప్పుడు పత్రమే. అందుకే "ఒరిజినల్ ముట్టలేదు, స్కాన్ కాపీలోనే మార్చాం" అన్న మాట అక్కరకు రాదు. మోసం చేయడానికి ఫోర్జరీ చేస్తే 336వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ప్రభుత్వ అధికారి ఇచ్చినట్టు కనబడే సర్టిఫికెట్, జనన రిజిస్టర్, ఆధార్, ఓటరు కార్డు లాంటివైతే 337వ సెక్షన్, దానికీ ఏడేళ్ల దాకానే. ఆ కాగితాన్ని తీసుకుపోయి వాడిన మనిషికి 340వ సెక్షన్ వర్తిస్తుంది. ఫోర్జరీ చేసినవాడికి పడే శిక్షే అతనికీ పడుతుంది. అంటే అతను, మీరు ఇద్దరూ ఒకే కేసులో ఉంటారు.

"నాకేం తెల్వదు, గిరాకి చెప్పింది చేసిన" అంటే నిలుస్తుందా? చాలామంది ధీమా ఇదే. కొత్తగా ఒక బయోడేటా టైప్ చేసినప్పుడు అందులో ఏది నిజమో మీకు తెలియకపోవచ్చు, ఆ మాట చెల్లుతుంది. ఉన్న మెమోలో 2004ను 2006 చేసినప్పుడు మాత్రం పాత తేదీ, కొత్త తేదీ రెండూ మీ కళ్ల ముందే ఉన్నాయి. ఎందుకు కావాలో కూడా అతనే చెప్పి ఉంటాడు, "లోన్‌కు", "ఉద్యోగం అప్లికేషన్‌కు" అని. ఉద్దేశం తెలియదనడానికి అక్కడ చోటు లేదు. వంద రూపాయలు తీసుకున్నారా, మొహమాటానికి ఊరకే చేశారా అన్నదానితో నేరం మారదు.

ఇక ఏం చెప్పాలన్నది. అన్నిటికన్నా ముఖ్యం, ఫైల్ తెరవకముందే చెప్పాలి. పెన్‌డ్రైవ్ తీసుకుని, స్క్రీన్ మీద మెమో తెరిచి, "ఎక్కడ మార్చాలె?" అని అడిగిన తరువాత వద్దంటే, ఎదుటి మనిషికి అది బేరం లాగే వినబడుతుంది. రేటు పెంచుతాడు, లేదంటే అలుగుతాడు. అందుకే అడిగిన వెంటనే, పని చేస్తున్న చేయి ఆపకుండానే, మామూలు గొంతుతో చెప్పండి: "మెమోల, స్లిప్‌ల అంకెలు మార్చం అన్నా. ఉన్నదున్నట్టు జిరాక్స్ కావాల్నంటే ఇస్తం. అసలు ఏం పని పడ్డది చెప్పు, వేరే తొవ్వ ఉంటే చూద్దాం."

ఈ మూడు వాక్యాల్లో చివరిదే గిరాకీని నిలబెడుతుంది. వచ్చేవాళ్లలో చాలామంది మోసం చేద్దామని ఇల్లు కదిలినవాళ్లు కారు. ఎక్కడో తేదీ తేడా పడింది, ఎవరో అప్లికేషన్ తిప్పి పంపారు, "జిరాక్స్ షాపుల చేసిస్తరు పో" అని ఇంకెవరో చెప్పారు. అసలు చిక్కు తెలిస్తే సరైన దరఖాస్తు మీరే టైప్ చేసివ్వవచ్చు. ఆ పనికీ డబ్బు వస్తుంది.

చెప్పకూడనివీ కొన్ని ఉన్నాయి. "ఇయ్యాల సిస్టమ్ ఖరాబుంది" అంటే రేపు మళ్లీ వస్తాడు. "నాకు రాదు" అంటే "నేను చెప్త, నువ్వు నొక్కు" అంటాడు. "పక్క షాపుల అడుగు" అంటే దారి చూపించినవాళ్లు మీరే అవుతారు. "జర సిస్టమ్ ఇయ్యి, నేనే చేస్కుంట" అన్నా ఇవ్వొద్దు. ఎందుకో తెలిసి కంప్యూటర్ ఇవ్వడం నేరానికి సాయం చేయడమే. సిస్టమ్‌లు గంటకింత అని కిరాయికిచ్చే సెంటరయితే సైబర్ కేఫ్‌లకు 2011లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా వర్తిస్తాయి. వాడుకున్నవాళ్ల గుర్తింపు చూడాలి, వివరాల రిజిస్టర్ కనీసం ఏడాది పాటు దాచాలి.

చుట్టాలతోనే అసలు ఇబ్బంది. బామ్మర్దికి సెక్షన్లు చెబితే పెళ్లిళ్లలో ఎత్తిపొడుస్తాడు. అక్కడ చట్టం కన్నా అతనికి వచ్చే నష్టం చెప్పడం మేలు: "బావా, గిది నేను చేసిస్త అనుకో. వెరిఫికేషన్‌ల దొరికితె నీ కొడుకు ఉద్యోగం పోతది, నా షాపు పోతది. వద్దు. దానికి సక్కని తొవ్వ చెప్త, కూసో." ఒక్క చుట్టానికి చేసిపెడితే ఆ మాట ఊరంతా తిరుగుతుంది, తరువాత ఎవరికి వద్దన్నా "వానికి చేసినవు గద" అంటారు. కౌంటర్ మీద చిన్న బోర్డు పెడితే సగం మొహమాటం తప్పుతుంది: "మెమోలు, సర్టిఫికెట్లు, జీతం స్లిప్‌లలో పేరు, తేదీ, మార్కులు, అంకెలు మార్చము." అంతకన్నా పొడుగు వద్దు. చట్టం, శిక్ష అని బెదిరింపులు రాస్తే నిజమైన తప్పు దిద్దుకోవడానికి వచ్చినవాళ్లు కూడా లోపలికి రారు.

సరైన దారి చెప్పాలంటే మీకూ అది తెలిసి ఉండాలి కదా. ఎక్కువగా వచ్చేది పుట్టిన తేదీ కాబట్టి అక్కడి నుంచి చూద్దాం.

ఒక తల్లి కొడుకు మెమో తెచ్చిందనుకోండి. మెమోలో 10-06-2004, ఆధార్‌లో 2006. "ఆధారే కరెక్టు, మెమో మార్చు" అంటుంది. ఈ జూన్ తేదీలు మన దిక్కు మెమోల్లో తరచూ కనిపిస్తాయి. ఇంట్లో పుట్టిన పిల్లలకు జనన నమోదు ఉండేది కాదు. బడి తెరిచే జూన్‌లో తీసుకుపోతే, చేర్చుకునే వయసు నిండేలా పంతులు ఒక తేదీ లెక్కకట్టి రాసేవారు. ఆ తేదీ అడ్మిషన్ రిజిస్టర్‌లోకి ఎక్కింది, అక్కడి నుంచి టీసీలోకి, పదోతరగతి పరీక్షకు బడి పంపే పిల్లల జాబితా అయిన నామినల్ రోల్‌లోకి, చివరికి మెమోలోకి వచ్చింది. కాబట్టి మెమోలో తేదీ తప్పా ఒప్పా అన్నది తేలాల్సింది బడిలోని అడ్మిషన్ రిజిస్టర్‌లో.

ఆమెను ముందు బడికి పంపండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఆ పిల్లవాడి పేరున్న వరుస చూడమని, నకలు మీద హెడ్మాస్టర్ సంతకం, ముద్ర తీసుకోమని చెప్పండి. ప్రైమరీ స్కూల్ వేరే అయితే అక్కడి రిజిస్టర్ కూడా చూడాలి, మొదటిసారి రాసింది అక్కడే. ఇప్పుడు రెండు సంగతుల్లో ఒకటి తేలుతుంది.

రిజిస్టర్‌లో 2006 ఉండి మెమోలో 2004 వచ్చిందంటే నామినల్ రోల్ నింపేటప్పుడు తప్పు పడింది. దిద్దడానికి దారి ఉంది. హెడ్మాస్టర్ ద్వారా, డీఈఓ ఆఫీసు మీదుగా, హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పోవాలి. ఒరిజినల్ మెమో, రిజిస్టర్ నకలు, హెడ్మాస్టర్ లేఖ జతచేయాలి. నకలులో తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉందా, దిద్దుళ్లు ఉన్నాయా అన్నది బడిలోనే చూసుకోవడం మంచిది. రిజిస్టర్‌లో వైట్‌నర్ పూసినట్టో, వేరే ఇంకుతో దిద్దినట్టో ఉంటే అక్కడే అనుమానం మొదలవుతుంది. ఈ దరఖాస్తు మీరు టైప్ చేసివ్వవచ్చు. "సవరించగలరు" అని ఊరుకోకుండా, ఏ రిజిస్టర్, ఎన్నో అడ్మిషన్ నంబర్, అందులో ఏ తేదీ, మెమోలో ఏ తేదీ, ఆ నాలుగూ రాయండి.

రిజిస్టర్‌లోనే 2004 ఉంటే మెమోలో తప్పు లేనట్టే. పంతులు అందాజుగా రాసిన తేదీ కావచ్చు, కానీ బడి రికార్డు అదే. అప్పుడు చేయాల్సింది తిరగేసి చేయాలి. మెమోను ఆధార్‌కు సరిపెట్టడం కాదు, మెమో చూపించి ఆధార్‌ను మెమోకు సరిపెట్టాలి. పుట్టిన తేదీ రుజువుగా బోర్డు మార్కుల మెమోను ఆధార్ కేంద్రంలో తీసుకుంటారు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం. కాబట్టి ఏ తేదీ మీద నిలబడాలో తేల్చుకోకుండా పోవద్దని చెప్పండి. ముందు తొందరపడి ఒక తేదీకి మార్చుకుని, రెండోసారికి దారి లేక మీ కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు కొందరుంటారు.

"పుట్టిన సర్టిఫికెట్ ఇప్పుడు తీసుకుంటె అయితద?" అని అడుగుతారు. పుట్టి ఏడాది దాటాక నమోదు చేయాలంటే ఊరికే మీసేవలో కాదు, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మెజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. దేవరకొండలోనే ఆర్డీఓ ఆఫీసు ఉంది కాబట్టి దరఖాస్తు సంగతి అక్కడ విచారించుకోవచ్చు. అయితే ఇలా ఆలస్యంగా తీసిన సర్టిఫికెట్‌లో వేరే తేదీ ఉన్నంత మాత్రాన మెమో దానంతట అది మారదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఖర్చు పెట్టుకుని తిరిగి, చివరికి మిమ్మల్నే అంటారు.

దిద్దే దారి అసలు లేని తేదీ ఒకటుంది. కళ్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు రావాలంటే పెళ్లినాటికి అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాలి. "నాలుగు నెలలే తక్కువున్నది, తేదీ జర ముందుకు జరుపు" అని వస్తారు. ఇక్కడ తేదీ తప్పు కాదు, అమ్మాయికి వయసు రాలేదు. పెళ్లి అయిపోయి ఉంటే ఆ పథకం వర్తించదు, అదే చెప్పాలి. పెళ్లి ఇంకా కాకపోతే అది 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం కిందికి వచ్చే వ్యవహారం. "నాలుగు నెలలు ఆగి చేస్తె పైసలు వస్తయి, కేసు ఉండది" అంటే కొందరు ఆగుతారు. ఆగరనిపిస్తే 1098కు ఫోన్ చేయండి, అది పిల్లల హెల్ప్‌లైన్. మిగతా విషయాల్లో వద్దని చెప్పి పంపితే మీ పని అయిపోతుంది, ఇక్కడ అంతటితో అయిపోదు. రైతుబీమాకు 59 ఏళ్లు దాటాయని ఆధార్‌లో వయసు తగ్గించమనేవాళ్లకు మాత్రం వద్దని చెబితే చాలు.

మార్కుల విషయం తొందరగా చెప్పుకుందాం, ఎందుకంటే అక్కడ దారులు తక్కువ. ఫలితాలు వచ్చిన కొత్తలో అయితే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు బోర్డు గడువు ఇస్తుంది. రీకౌంటింగ్‌లో కూడిక మాత్రమే సరిచూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో చూస్తారు, దిద్దిన పేపరు కాపీ కూడా చేతికి వస్తుంది. గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి ఫలితాల వారంలో మీ బోర్డు పక్కన ఆ చివరి తేదీ రాసి పెడితే నలుగురికి పనికొస్తుంది. ఇంటర్ ఫస్టియర్ పిల్లలు మార్కులు పెంచుకోవడానికి సప్లిమెంటరీ టైంలో ఇంప్రూవ్‌మెంట్ రాయవచ్చు. ఇవన్నీ దాటిపోయాక మార్కులు పెరగవు. నోటిఫికేషన్‌లో 60 శాతం అడిగి తన దగ్గర 58 ఉంటే, తన రిజర్వేషన్‌కు సడలింపు ఉందేమో అదే నోటిఫికేషన్ పూర్తిగా చదివి చూడమనండి. చాలామంది ఆ పేజీ దాకా పోరు.

మార్చిన మార్కులు ఎలా దొరుకుతాయని అడిగేవాళ్లకు చెప్పడానికి ఒక మాట. కాగితాన్ని పట్టి పట్టి చూసేవాళ్లు ఇప్పుడు తక్కువ, హాల్‌టికెట్ నంబర్ కొట్టి బోర్డు రికార్డులో ఏముందో చూస్తారు. డిగ్రీ, పీజీలకు రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ వెరిఫికేషన్ సర్వీస్ పెట్టింది. మీసేవ సర్టిఫికెట్ అయితే దాని మీది అప్లికేషన్ నంబర్‌తో తేలుతుంది. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం చెల్లదని పీడీఎఫ్ తెరిచే సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. మీరు అక్షరాల ఫాంట్ ఎంత బాగా కలిపారన్నది వాళ్లకు లెక్కలోకే రాదు.

జీతం స్లిప్‌ది ఇంకో తీరు. అక్కడ బోర్డు రికార్డు ఉండదు, కానీ స్లిప్ తనంతట తానే పట్టిస్తుంది. ఒకటి లెక్కగట్టి చూద్దాం.

మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లులో పనిచేసే అతని జీతం నెలకు 18,500. అందులో బేసిక్ 12,000. పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 1,440. ఈఎస్‌ఐ మొత్తం జీతంలో 0.75 శాతం, 138 రూపాయల 75 పైసలు, పై రూపాయికి 139. వృత్తి పన్ను తెలంగాణలో 15 వేలు దాటి 20 వేల లోపు జీతానికి 150. ఇవన్నీ పోగా చేతికి 16,771. బ్యాంకు ఖాతాలో ప్రతి నెలా పడేది ఇదే అంకె.

ఇప్పుడు కారు లోన్‌కు 18,500ను 28,500 చేయమంటాడు. "ఒక్క అంకెనే గద!" అంటాడు. పైన 1ని 2 చేస్తే కింద ఏమేం చెడతాయో చూడండి. జీతం 20 వేలు దాటితే వృత్తి పన్ను 200 ఉండాలి, స్లిప్‌లో 150 ఉంది. ఈఎస్‌ఐ 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకే, 28,500 ఉన్న మనిషికి మామూలుగా ఆ కోతే ఉండదు. మధ్యలో జీతం పెరిగి ఈఎస్‌ఐ కాలవ్యవధి ముగిసేదాకా కోత సాగినా, అప్పుడు కోసేది 28,500 మీద 214, 139 కాదు. సరే, కోతలు కూడా మారుద్దామంటే పీఎఫ్ అడ్డం వస్తుంది. బేసిక్ 22,000 చేస్తే 12 శాతం లెక్కన 2,640 కావాలి. కంపెనీ పీఎఫ్ పరిమితి 15,000 దగ్గరే ఆపితే 1,800. రెండింటిలో ఏదీ అతని పీఎఫ్ పాస్‌బుక్‌లో ఉండదు, అక్కడ నెల నెలా 1,440, పక్క గడిలో జీతం 12,000 అనే ఉంటుంది. ఇదంతా దాటినా ఖాతాలో 16,771 పడుతూనే ఉంది. లోన్ ఇచ్చేవాళ్లు స్లిప్‌తో పాటు ఆరు నెలల స్టేట్‌మెంట్ అడిగేది దీని కోసమే. పెద్ద జీతమైతే ఫారం 16, ఆదాయపు పన్ను ఖాతాలో కనబడే టీడీఎస్ కూడా పక్కన పెట్టి చూస్తారు.

ఈ లెక్క ఒక కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది అక్కడే తగ్గుతారు. వాదన పెరగదు, మీరేదో నీతులు చెప్పినట్టూ ఉండదు.

"ఏజెంటే చెప్పిండన్నా, స్లిప్ జర పెంచి తెమ్మని" అని కొందరు నిజమే చెబుతారు. ఏజెంటుకు కమీషన్ లోన్ మంజూరయిన రోజే వస్తుంది. దొరికినప్పుడు దరఖాస్తు మీద సంతకం గిరాకీది, ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు. ఆ మాట అతనితో నిదానంగా చెప్పండి. దొరకకపోయినా, 16,771 వచ్చే చేతికి 28,500 లెక్కన వేసిన కిస్తీ వచ్చి పడుతుంది.

దారి ఏమిటంటే, నిజంగా ఉన్న ఆదాయాన్ని పూర్తిగా చూపించడం. ఆ మిల్లు మనిషి సాయంత్రం పూట ఆటో నడుపుతూ ఉండవచ్చు, భార్య మిషన్ కుడుతూ ఉండవచ్చు. ఆ పైసలు చేతిలోనే ఉంటే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆరు నెలల పాటు ఖాతాలో పడేలా చూసుకుంటే, భార్యను సహ దరఖాస్తుదారుగా పెడితే, లోన్ మొత్తం కొంచెం తగ్గించుకుంటే లేక కాలం పెంచుకుంటే చాలా దరఖాస్తులు నిలబడతాయి. జీతం చేతికే ఇచ్చే చోట పనిచేసేవాళ్లు "మా సేఠు స్లిప్ ఇయ్యడు, నువ్వే ఒకటి చెయ్యి" అంటారు. అక్కడ మీరు చేయగలిగింది ఒకటుంది. జీతం సర్టిఫికెట్ నమూనా టైప్ చేసి, పేరు, పని, ఎప్పటి నుంచి, నెల జీతం అన్నచోట్ల ఖాళీలు వదిలి ఇవ్వండి. దాన్ని యజమాని తన లెటర్‌హెడ్ మీద నింపి, సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. మీరు లెటర్‌హెడ్ తయారు చేయొద్దు, నెట్‌లోంచి కంపెనీ లోగో దించి అతికించొద్దు. యజమాని స్వయంగా వచ్చి అడిగితే తప్ప ఆ సంస్థ పేరు మీద ముద్ర చేయించి ఇవ్వొద్దు. అంకె నిజమైనా సంతకం వేరేవాళ్లదయితే అదీ తప్పుడు పత్రమే.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు మారే పిల్లలు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో తేదీలు జరపమంటారు, మధ్యలో ఖాళీ కనబడొద్దని. పీఎఫ్ యూఏఎన్ ఖాతాలో ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో తేదీలతో ఉంటుంది, కొత్త కంపెనీ చూసేది అదే. కొన్నిసార్లు పాత కంపెనీ మానేసిన తేదీ ఎక్కించకుండా వదిలేస్తుంది, చిక్కంతా అదే అయి ఉంటుంది. చివరి పీఎఫ్ జమ అయి రెండు నెలలు గడిచాక, ఆ తేదీని ఉద్యోగే ఆధార్ ఓటీపీతో పీఎఫ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. ఒకసారి ఎక్కితే మళ్లీ మార్చడం కష్టం, కాబట్టి రిలీవింగ్ లెటర్‌లోని తేదీనే వేయాలి. ఇది మీ షాపులో పది నిమిషాల పని. ఓటీపీ మాత్రం అతని ఫోన్‌లోంచి అతనే కొట్టాలి.

ఇక షాపు లోపలి సంగతులు. ఇప్పుడు ఎక్కువమంది మనిషిగా రారు, షాపు వాట్సాప్ నంబర్‌కు మెమో ఫొటో పంపి "డేట్ 2006 చెయ్యన్నా" అని పెడతారు. చూసి ఊరుకోవద్దు. "మార్పులు చేయం. ఉన్నదున్నట్టు ప్రింట్ కావాలంటే చెప్పండి" అని అక్కడే రాసి పెట్టండి. ఆ సంభాషణ తుడిచేయొద్దు, మీరు వద్దన్నారనడానికి అదే రుజువు. కంప్యూటర్‌లోకి దిగిన ఫైల్ మాత్రం తీసేయండి. వాడాలనే ఉద్దేశంతో, ఫోర్జరీదని తెలిసి, అలాంటి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవడాన్ని కూడా 339వ సెక్షన్ నేరంగానే చూస్తుంది. కాబట్టి అనుమానం ఉన్న ఫైల్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నెలల తరబడి పడి ఉండకూడదు. మామూలు గిరాకీల ఫైళ్లు కూడా రోజూ షాపు మూసేముందు తీసేసే అలవాటు పెట్టుకుంటే మంచిది. వేరేవాళ్ల మెమోలు, ఆధార్‌లు మీ సిస్టమ్‌లో పోగుపడితే, వాటిని ఇంకెవరో వాడుకున్నా మొదట అడిగేది మిమ్మల్నే.

స్కాన్‌లో మసక తీయడం, వంకర సరిచేయడం, నలుపు తగ్గించడం తప్పు కాదు. చిరిగిన మెమోలో పోయిన అంకెను మీరు రాసి నింపడం తప్పు, అది సరైన అంకే అయినా సరే. అలాంటిది వస్తే డూప్లికేట్ మెమోకు చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా దరఖాస్తు పెట్టుకోమనండి.

మీరు భోజనానికి పోయినప్పుడు కౌంటర్‌లో ఉండే పిల్లవాడి సంగతి మరువొద్దు. యాభై రూపాయలకు ఆశపడి అతను చేస్తే, మీకు తెలియదని తేలేదాకా సీజ్ అయ్యేది మీ సీపీయూనే. ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీ లాగిన్‌లో మాత్రమే తెరుచుకునేలా పెట్టి, అతనికి వేరే లాగిన్ ఇవ్వండి. పాస్‌పోర్ట్ ఫొటోల పనికి తేలికపాటి సాఫ్ట్‌వేర్ చాలు. ఏం అడిగితే ఏం చెప్పాలో ముందే చెప్పి పెట్టండి. అడిగింది చుట్టమైతే "అన్నను అడుగు" అని మీ మీదికి తోసేయమనండి, చిన్న పిల్లవాడిని మీ బామ్మర్ది ముందు నిలబెట్టడం న్యాయం కాదు.

ఒక్కడొచ్చి ఒక్క మెమో అడిగితే వద్దని పంపేస్తే సరిపోతుంది, అతని మీద ఫిర్యాదు చేయాల్సిన పని లేదు. ఖాళీ మెమో కాగితాలు, హోలోగ్రామ్ స్టిక్కర్లు, కాలేజీ ముద్రలు తెచ్చి "నెలకు ఇన్ని ప్రింట్లు" అని బేరం పెట్టేవాడు వేరు. అది ముఠా పని. మాట కలపకుండా పంపేసి, ఆ రోజే పోలీస్ స్టేషన్‌లో చెప్పండి, లేదా 100కు ఫోన్ చేయండి. అతను వచ్చిన టైమ్, ఫోన్ నంబర్ రాసి పెట్టుకోండి. సీసీ కెమెరా ఉంటే ఆ రోజు రికార్డింగ్ వేరే డ్రైవ్‌లోకి తీసి ఉంచండి, చాలా కెమెరాలు కొద్ది రోజుల్లోనే పాతది చెరిపేసి దాని మీదే రాసుకుంటాయి.

ఎవరిదో కేసులో మీ షాపు పేరు వచ్చి పోలీసులు పిలిస్తే రాతపూర్వక నోటీసు అడగండి. సాక్షిగా పిలిచే నోటీసు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ కింద, కాగితాలో కంప్యూటరో తెమ్మనేది 94వ సెక్షన్ కింద వస్తుంది. ఏ హోదాలో పిలుస్తున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది. పోయేముందు ఒక వకీలుతో మాట్లాడండి. భయపడి ఆ రాత్రే సిస్టమ్ ఫార్మాట్ చేయొద్దు. రోజూ ఫైళ్లు తీసేసే అలవాటు వేరు, పిలుపు వచ్చాక తుడిచేయడం వేరు. సాక్ష్యంగా అడిగే రికార్డును అందకుండా చేయడం న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద విడిగా ఒక నేరం. బిల్ బుక్, వాట్సాప్‌లో మీరిచ్చిన జవాబు, సీసీ రికార్డింగ్ ఉంటే అవి తీసుకుని పొండి.